లైపేజ్ పదింతలు ఎక్కువుంటే ప్రమాదమూ పదింతలా?

జంషెడ్‌పూర్‌లో ఇద్దరు పైకడుపు నొప్పితో ఆసుపత్రికి వెళ్లారనుకుందాం. లైపేజ్ ఒకరికి లీటరుకు 240 యూనిట్లు, మరొకరికి 2,400. ఆ ల్యాబ్‌లో గరిష్ఠ పరిమితి 60. రెండో వ్యక్తికే ముప్పు ఎక్కువా? అలా చెప్పలేం.

2012 నాటి సవరించిన అట్లాంటా ప్రమాణాల ప్రకారం మూడు ఆధారాల్లో రెండు ఉంటే పాంక్రియాటైటిస్, అంటే క్లోమం వాచినట్టు. ఆ మూడు: వాపుకు తగిన నొప్పి, అమైలేజ్ లేదా లైపేజ్ పరిమితికి కనీసం మూడు రెట్లు పెరగడం, స్కాన్‌లో ఆనవాళ్లు. ఇక్కడ గీత 180. ఇద్దరూ దాటారు. ఆ అంకె పని అక్కడితో సరి.

తీవ్రతను చెప్పేవి ఊపిరి, బీపీ, కిడ్నీలు. వీటిలో ఏది దెబ్బతిని 48 గంటలైనా కోలుకోకపోయినా జబ్బు తీవ్రమైనట్టే. అది 240 ఉన్న వ్యక్తికీ రావచ్చు.

నొప్పి మొదలై నాలుగైదు రోజులైతే అమైలేజ్ మామూలు స్థాయికి దిగిపోవచ్చు. అప్పుడు లైపేజ్, స్కాన్ చూడాలి.