తాడెంత? గడ్డి కోతెంత?

గుండ్రటి క్రికెట్ మైదానం నడిమధ్య ఒక పుల్ల పాతండి. అక్కడి నుంచి అంచు దాకా టేపు పట్టండి. 70 మీటర్లు వచ్చిందనుకుందాం. దీన్నే వ్యాసార్ధం అంటారు.

చుట్టూ వేసే బౌండరీ తాడు ఎంత కావాలి? 70కి రెట్టింపు 140. దాన్ని 22తో గుణించి, 7తో భాగించండి. 440 మీటర్లు వస్తుంది. ముడికి కాస్త ఎక్కువ తీసుకోండి.

గడ్డి ఎంత మేర కోయాలి? 70ని 70తోనే గుణిస్తే 4,900. దాన్నీ 22తో గుణించి, 7తో భాగించండి. 15,400 చదరపు మీటర్లు.

35 మీటర్ల చిన్న మైదానానికి తాడు 220 మీటర్లు. అంటే సగం. కోత మాత్రం 3,850 చదరపు మీటర్లే. అంటే పావు వంతు.

"పెద్దదానికి తాడు రెట్టింపు పట్టింది, కూలీ కూడా రెట్టింపు ఇస్తా" అని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. అక్కడ కోత నాలుగింతలు. కూలీ కూడా నాలుగింతలు రావాలి.