ముప్పై అయిదు రూపాయల టూ వే స్విచ్

మా బావది కరెంటు సామాన్ల కొట్టు. బిల్లులు ఎక్సెల్‌లోనే వేస్తారు. గుమాస్తా కుర్రాడు సరుకు కోడ్ కొడితే రేటు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. మొన్న సరుకు లెక్క చూసుకుంటుంటే ఒక బిల్లు దగ్గర బావ ఆగిపోయాడు. ఓ కాంట్రాక్టరుకి నలభై టూ వే స్విచ్‌లు ఒక్కొక్కటి 35 రూపాయల చొప్పున వెళ్లాయి. దాని అసలు రేటు 65. తేడా ముక్కకు ముప్పై, నలభైకి 1200 రూపాయలు. "కొన్నదే యాభై రెండుకిరా! ముప్పై అయిదుకి ఎలా అమ్మావ్?" అని కుర్రాడి మీద పడ్డాడు. కుర్రాడు కోడ్ సరిగ్గానే కొట్టాడు. తప్పు ఫార్ములాలో ఉంది. ఆ ఫార్ములా రాసింది నేనే కాబట్టి ఈ వ్యాసం రాయక తప్పడం లేదు.

రేట్ల షీటును ఇక్కడ అయిదు వరసలకు కుదించి చూపిస్తాను. షీటు పేరు Rates. మొదటి వరసలో శీర్షికలు, రెండో వరస నుంచి ఆరో వరస దాకా సరుకులు.

```
A      B               C      D
1010   బల్బు 9 వాట్లు    ముక్క   90
1020   వన్ వే స్విచ్     ముక్క   35
1030   సాకెట్           ముక్క   60
1040   ఫ్యాన్ రెగ్యులేటర్  ముక్క   240
1025   టూ వే స్విచ్      ముక్క   65
```

1025 చివర్లో ఉండడం గమనించారు కదా. ఆ సరుకు తర్వాత వచ్చింది, అందుకే అడుగున చేర్చారు. ఏ కొట్టులోనైనా పట్టిక పెరిగేది ఇలాగే. బిల్లు షీటులో నేను రాసిన ఫార్ములా ఇది:

```
=VLOOKUP(A2,Rates!$A$2:$D$6,4)
```

A2లో ఉన్న కోడ్‌ను తీసుకో, ఆ పట్టిక మొదటి కాలమ్‌లో పై నుంచి కిందికి వెతుకు, దొరికిన వరసలో నాలుగో కాలమ్‌లో ఉన్నది తెచ్చి పెట్టు అని దీని అర్థం. మొదట్లో ఉన్న V 'వర్టికల్'కి గుర్తు, అంటే నిలువుగా వెతకమని. నేను వదిలేసినది నాలుగో మాట. దాన్ని రాయకపోతే ఎక్సెల్ TRUE అని అనుకుంటుంది. TRUE అంటే అచ్చంగా ఆ కోడే దొరకనక్కర్లేదు, దానికి మించని వాటిలో పెద్దది చాలు అని.

ఇది మతి లేని ఏర్పాటేమీ కాదు, శ్లాబుల కోసం పెట్టింది. 5000 పైన కొంటే రెండు శాతం తగ్గింపు, 10000 పైన నాలుగు శాతం అని పట్టిక ఉందనుకోండి. 7300 బిల్లుకి పట్టికలో 7300 ఉండదు, 5000 వరసే కావాలి. అక్కడ TRUE చక్కగా పనిచేస్తుంది. 1985లో మాకింతోష్ కోసం వచ్చిన మొట్టమొదటి ఎక్సెల్ నుంచీ ఈ ఫార్ములా ఉంది. ఇన్నేళ్లయినా, ఏమీ చెప్పకపోతే శ్లాబు లెక్కే అనుకునే అలవాటు మాత్రం మారలేదు. కోడ్‌కి శ్లాబేమిటి? 1025కి దగ్గరలో 1020 ఉంటే మనకేం లాభం?

ఇక 1025 పట్టికలో ఉండగానే ఎందుకు దొరకలేదో చూద్దాం. TRUE పద్ధతిలో ఎక్సెల్ ఒక్కో వరసా చూసుకుంటూ పోదు. నిఘంటువులో మాట వెతికేటప్పుడు నడిమికి తెరిచి, మనకు కావలసింది ముందుందా వెనకుందా అని చూస్తామే, అలా చూస్తుంది. అయిదింటిలో నడిమిది 1030. అది 1025 కన్నా పెద్దది. కాబట్టి కావలసింది పైభాగంలోనే ఉండాలని తేల్చుకుని, కింది భాగం వైపు మళ్లీ తిరిగి చూడదు. పైన మిగిలినవి 1010, 1020. వాటిలో 1025కి మించని పెద్దది 1020. తెచ్చి పెట్టింది వన్ వే స్విచ్ రేటు, 35 రూపాయలు. ఎర్ర గుర్తు లేదు, హెచ్చరిక లేదు. స్విచ్‌కి 35 అంటే నమ్మదగ్గ అంకెలాగే ఉంది. అదే సాకెట్, రెగ్యులేటర్ బిల్లులు సరిగ్గా వస్తుండడంతో ఫార్ములా మీద అనుమానమే కలగలేదు.

పట్టికను కోడ్ వరసలో సర్దుకుంటే సరిపోతుందా? సగమే. అప్పుడు 1025 దొరుకుతుంది. కానీ పట్టికలో లేని 1035 కొడితే సాకెట్ రేటు 60 వేసి ఊరుకుంటుంది. 'లేదు' అని చెప్పాలంటే నాలుగో మాట రాసి తీరాలి:

```
=VLOOKUP(A2,Rates!$A$2:$D$6,4,FALSE)
```

FALSE బదులు 0 రాసినా ఒకటే. ఇప్పుడు వరసల క్రమంతో పని లేదు. 1025కి 65 వస్తుంది, 1035కి #N/A వస్తుంది. బావకి ఆ #N/A మొదట్లో నచ్చలేదు, బిల్లు అసహ్యంగా కనిపిస్తోందన్నాడు. కింద మొత్తం గడిలో కూడా అదే పడుతుంది, అందుకని ఆ బిల్లు బయటికి వెళ్లదు. నాకు కావలసిందీ అదే.

FALSE పెట్టిన మర్నాడే కుర్రాడి ఫోను. "సార్, 1040 కళ్లెదుటే ఉంది, లేదంటోంది." వెళ్లి చూస్తే కంపెనీ వాళ్లు పంపిన కొత్త రేట్ల ఫైలును అలాగే కాపీ చేసి అతికించారు. అందులోని కోడ్‌లు అంకెలు కావు, అంకెల వేషంలో ఉన్న అక్షరాలు. అంకెలు గడిలో కుడివైపుకి జరిగి నిలబడతాయి, అక్షరాలు ఎడమవైపుకి. మనం అలైన్‌మెంట్ మార్చకపోతే ఇదే మొదటి ఆనవాలు. గడి మూలన చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తే రెండోది. కుర్రాడు బిల్లులో కొట్టిన 1040 అంకె, పట్టికలో ఉన్న 1040 అక్షరం. మన కంటికి ఒకటే, వీలుకప్‌కి రెండూ వేరు.

దీన్ని పట్టుకోవడానికి నాకు ఇష్టమైన చిట్కా ఒకటుంది:

```
=COUNTIF(Rates!$A$2:$A$6,A2)
```

COUNTIF ఈ విషయంలో ఉదారంగా ఉంటుంది, అంకె 1040నీ అక్షరాల 1040నీ ఒకటిగానే లెక్కపెడుతుంది. కాబట్టి ఇది 1 అని చెప్పి, వీలుకప్ #N/A అంటే, దాదాపుగా రోగం ఇదే. ఇది 0 అంటే కోడ్ నిజంగానే లేదు, లేదా పక్కన ఖాళీ చోటు అంటుకుని ఉంది. 2 అంటే ఒకే కోడ్ రెండు వరసల్లో ఉంది. అప్పుడు వీలుకప్ పైన ఉన్నదే తెస్తుంది. రేటు పెరిగినప్పుడు పాత వరస తీయకుండా కొత్తది అడుగున రాసే అలవాటున్నచోట, కొత్త రేటు ఎప్పటికీ బిల్లుకి రాదు.

అక్షరాల అంకెలను మార్చడానికి సులువైన దారి ఉంది. ఆ కాలమ్‌ను ఎంచుకుని, Data మెనూలో Text to Columns నొక్కి, ఇంకేమీ అడగకుండా Finish కొట్టేయడమే. గడుల ఫార్మాట్ మాత్రం Text అని ఉండకూడదు, ఉంటే ముందు General చేయాలి. అయితే కోడ్‌ల విషయంలో నేను ఎదురు దారినే ఇష్టపడతాను. కోడ్ అనేది పేరు, పరిమాణం కాదు. దాన్ని ఎవరూ కూడరు, తీసెయ్యరు. 0047 అనే కోడ్‌ను మామూలు గడిలో కొడితే ముందున్న సున్నాలు పోయి 47 మిగులుతుంది. 5-12 అని కొడితే తేదీ అయిపోతుంది. అందుకని రెండు షీట్లలోనూ కోడ్ కాలమ్‌ను ముందే Text ఫార్మాట్‌లో పెట్టి, ఆ తర్వాత కొట్టాలి. ముందే కొట్టేసిన అంకెలు ఫార్మాట్ మార్చినంత మాత్రాన అక్షరాలు కావు, మళ్లీ కొట్టాల్సిందే.

ఖాళీ చోటు గొడవ కూడా ఇలాంటిదే. కోడ్ వెనక కంటికి కనపడని ఒక ఖాళీ ఉంటే నాలుగంకెల కోడ్‌కి LEN అయిదు అని చెబుతుంది. TRIM దాన్ని తీసేస్తుంది. వెబ్ పేజీ నుంచి తెచ్చిన వాటిలో మరో రకం ఖాళీ ఉంటుంది, TRIM దాని జోలికి పోదు. దానికి ఇలా రాయాలి:

```
=TRIM(SUBSTITUTE(A2,CHAR(160),""))
```

దీని నుంచి వచ్చేది ఎప్పుడూ అక్షరాలే. శుభ్రం చేశాక కూడా #N/A వస్తోందంటే, అవతలి పట్టికలో అంకెలున్నాయేమో చూడండి.

పట్టిక హద్దుల్లో డాలర్ గుర్తులు ఎందుకని కుర్రాడు అడిగాడు. అవి లేకుండా ఫార్ములాను కిందికి లాగితే A2:D6 కాస్తా A3:D7 అవుతుంది, ఆ తర్వాత A4:D8. పట్టిక ఒక్కో మెట్టే కిందికి జారుతూ పై సరుకులను వదిలేస్తుంది. బిల్లు మొదటి వరసలో దొరికిన బల్బు మూడో వరసలో దొరకకపోతే కారణం ఇదే. హద్దుల మీద కర్సర్ ఉంచి F4 నొక్కితే డాలర్లు పడతాయి.

మరో తప్పు బావ చేతి మీదుగా జరిగింది. జీఎస్టీ కోసమని రేటుకి ముందు హెచ్‌ఎస్‌ఎన్ కాలమ్ ఒకటి చేర్చాడు. పట్టిక హద్దు తనంతట తానే E దాకా పెరిగింది, కానీ ఫార్ములాలోని 4 మాత్రం 4గానే ఉండిపోయింది. వన్ వే స్విచ్ రేటు 8536 రూపాయలు! స్విచ్‌ల హెచ్‌ఎస్‌ఎన్ అది. అందరం నవ్వుకున్నాం. కానీ ఆ చోట కొన్న ధర కాలమ్ పెట్టి ఉంటే? టూ వే స్విచ్ 52కే వెళ్లిపోయేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. ఈ బాధ లేని రాత ఉంది:

```
=INDEX(Rates!$D$2:$D$6,MATCH(A2,Rates!$A$2:$A$6,0))
```

ఇందులో కాలమ్ నంబరు లేదు, రేటు కాలమ్‌నే నేరుగా చూపిస్తున్నాం. అది పక్కకు జరిగితే ఫార్ములా కూడా దాని వెంట జరుగుతుంది. కోడ్‌కి ఎడమవైపున్నదాన్ని కూడా తేగలదు, వీలుకప్‌కి అది చేతకాదు. మీది ఎక్సెల్ 2021 గానీ మైక్రోసాఫ్ట్ 365 గానీ అయితే XLOOKUP ఉంటుంది, అందులో ఏమీ చెప్పకపోతే అచ్చమైన కోడ్‌నే వెతుకుతుంది. బావ కంప్యూటర్ పాతది, అందుకే పై ఫార్ములా పెట్టాను.

నక్షత్రం గుర్తు సంగతి ఒక్క మాట. బాక్సులకి 6*4 అని కోడ్ పెడితే, 6తో మొదలై 4తో ముగిసే ఏ కోడ్ ముందు కనిపించినా దాన్నే పట్టుకుంటుంది. 6X4 అని రాసుకోవడం మేలు.

ఇక #N/A కనపడకుండా చేయమని బావ పట్టుబట్టాడు. చాలామంది ఫార్ములా చుట్టూ IFERROR చుట్టి సున్నా పెడతారు. అంటే రేటు దొరకని సరుకు ఉచితంగా వెళ్తుంది. పట్టికలో కోడ్ ఉండి రేటు గడి ఖాళీగా ఉన్నా వచ్చేది సున్నాయే. నేను IFNA వాడి సున్నాకి బదులు "రేటు లేదు" అని రాయించాను. అప్పుడు పరిమాణంతో గుణించే గడిలో #VALUE! పడుతుంది, మొత్తం ఆగిపోతుంది. సరుకు పేరును కూడా కుర్రాడు చేత్తో కొట్టడం మాన్పించి, అదే పట్టిక నుంచి తెప్పించాను. ఆ రోజే పేరు కూడా పట్టికలోంచి వచ్చి ఉంటే, 35 పక్కన 'వన్ వే స్విచ్' అని కనిపించేది, కాంట్రాక్టరైనా పట్టుకునేవాడు.

బావ ఆ 1200 సంగతి కాంట్రాక్టరుకి ఫోన్ చేసి చెప్పాడు. వచ్చే బిల్లులో సర్దుకుందాం అన్నాడట ఆయన.