తేనెటీగలకు అసలు సంగతి చెప్పకండి

బడిలో పరాగ సంపర్కం పాఠాన్ని నాటకంగా వేయించడం కొత్తేం కాదు. అట్టరెక్కలు కట్టుకున్న పిల్ల ఒక పువ్వు దగ్గర్నుంచి ఇంకో పువ్వు దగ్గరికి వెళ్లి, "ఇదిగో, నీకోసం పుప్పొడి తెచ్చాను" అంటుంది. పువ్వు వేషం వేసిన పిల్ల థాంక్స్ చెబుతుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ, పాఠం తలకిందులైపోతుంది. ఏ తేనెటీగా పువ్వుకు సాయం చేద్దామని బయల్దేరదు. అది వెళ్లేది తేనె కోసం, పుప్పొడి కోసం. రెండూ దాని గూటికి తిండే. ఒంటి నూగుకు అంటుకున్న పొడి ఇంకో పువ్వులో రాలడం దానికి తెలియకుండా జరిగే పని. కాబట్టి ఆటలో కూడా తేనెటీగలకు ఆ సంగతి తెలియకూడదు.

ముప్పై మంది ఉన్న తరగతితో ఇలా ఆడించవచ్చు. పన్నెండు మంది తేనెటీగలు. తేనె తెచ్చేవన్నీ ఆడ ఈగలే కనుక, ఇందులో మగపిల్లలకూ ఆడ వేషమే. మిగతా పద్దెనిమిది మందిలో సగం గుమ్మడి పూలు, సగం దోస పూలు. ఈ జంటను ఎంచుకోవడానికి కారణం ఉంది. రెండూ పసుపు రంగు పూలే, రెండింటిలోనూ మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తీగ మీద మగపూలే ఎక్కువ గనక ప్రతి తొమ్మిదిలో ఆరు మగవి, మూడు ఆడవి. ఆడపువ్వు కింద చిన్న పిందె ముందే ఉంటుంది. ఆ గుర్తుకు సీసా అడుగున నిమ్మకాయంత గుడ్డ ఉండ కడితే చాలు.

పువ్వంటే పైభాగం కోసేసిన పెద్ద ప్లాస్టిక్ సీసా. పిల్ల చెయ్యి పట్టాలి, అంచు గుచ్చుకోకుండా టేపు చుట్టాలి. మగపువ్వు లోపలి అంచుకు దూది అంటించి, రంగు కలిపిన బియ్యప్పిండి చల్లుతాం. గుమ్మడికి పసుపు, దోసకు కుంకుమ. ఆడపువ్వు అంచుకు దూది బదులు జిగురు వైపు పైకి వచ్చేలా టేపు చుడతాం. నిజం పువ్వులోనూ కీలాగ్రం జిగటగానే ఉంటుంది. అన్ని సీసాల అడుగునా రెండేసి చింతగింజలు వేస్తాం. అదే తేనె. తేనెటీగ చేతికి తెల్ల సాక్సు తొడుగుకోవాలి. ఒక్కో పువ్వులో ఒక్క గింజే తీసుకుని, ఐదు కాగానే మూలనున్న బుట్టలో, అంటే గూటిలో, వేసి రావాలి. గింజ పోయిన పువ్వు మనసులో ఇరవై లెక్కపెట్టి ఇంకోటి వేస్తుంది. ఎవరు ఎక్కువ గింజలు తెస్తే వాళ్లు గెలిచినట్టు. పిల్లలకు చెప్పేది ఇంతే. పిండి ఎందుకని అడిగితే తర్వాత చెబుతాననాలి.

పది నిమిషాలయ్యాక గింజలు లెక్కపెట్టి విజేతను ప్రకటించాలి. అప్పుడు, అందరూ ఆట అయిపోయిందనుకున్నాక, ఆడపూల టేపులు ఊడదీసి నల్లకాగితం మీద అంటించి చూపాలి. ఎవరూ వేయని పసుపూ కుంకుమా వాటి మీద కనిపిస్తాయి. ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగితే పిల్లలు తమ సాక్సుల వైపు చూసుకుంటారు. పాఠం మొదలయ్యేది అక్కడే.

టేపును కాస్త పరీక్షగా చూస్తే ఇంకో చిక్కు బయటపడుతుంది. గుమ్మడి ఆడపువ్వు మీద కుంకుమ కూడా ఉంది. దోస పుప్పొడితో గుమ్మడి గింజ కట్టదు. అంటే ఆ చోటు వృథా. మరి చేనులో ఇలా కలగాపులగం కాదా? కొంత అవుతుంది. కానీ తేనెటీగకు ఒక అలవాటుంది. ఒక జాతి పువ్వు దగ్గర తేనె దొరికితే ఆ విడతలో సాధారణంగా ఆ జాతి పూలనే వెతుక్కుంటుంది. ఈ సంగతిని అరిస్టాటిల్ ఏనాడో గమనించాడు. రెండో ఆటలో ఈ నియమం పెట్టాలి. ఒక విడతలో ఒకే రకం పువ్వు. గూటికి వచ్చినప్పుడల్లా సాక్సును ఒక గిన్నెలోకి దులపాలి. నిజం ఈగ కూడా ఒంటిమీది పొడిని కాళ్లతో దువ్వి, తేనెతో తడిపి, వెనక కాళ్లకు ముద్దలుగా అద్దుకుంటుంది. ఆ ముద్ద గూట్లో పిల్ల ఈగలకు మేత. పువ్వుకు అక్కరకొచ్చేది దువ్వెనకు అందకుండా నూగులో మిగిలిపోయిన పొడే. ఈసారి టేపులు చాలావరకు ఒకే రంగులో వస్తాయి.

నాకు అన్నిటికంటే నచ్చేది మూడో ఆట. సీసాల నిండా గింజలు పోసి, ఒక్కో పువ్వులో ఎన్నైనా తీసుకోవచ్చని చెప్పండి. తేనెటీగలు మొదటి పువ్వు దగ్గరే ఐదూ తీసుకుని నేరుగా గూటికి పోతాయి. గింజలు బోలెడు చేరతాయి, ఆడపూల టేపులు మాత్రం దాదాపు ఖాళీగా ఉంటాయి. పువ్వు తేనెను కొంచెం కొంచెంగానే ఎందుకు ఊరిస్తుందో దీన్ని చూసిన పిల్లకు వేరే చెప్పక్కర్లేదు. పువ్వుది పిసినారితనమే, అయితే లెక్క తెలిసిన పిసినారితనం.

ఆట ఎక్కడ చెడుతుందో కూడా తెలిసి ఉండాలి. సాక్సు లోతుగా పోకుండా వేళ్ల కొసలతో గింజ లాగేస్తే పిండి అంటదు. సీసా పొడుగు పెంచాలి. పువ్వులైన పిల్లలు విసుగెత్తి సీసాను చేతి దగ్గరికి తెచ్చి ఇస్తారు. పువ్వు కదలదని గుర్తుచేసి, ప్రతి ఆటకూ పాత్రలు మార్చాలి. ఇవన్నీ సులువు. అసలు పరీక్ష మర్నాడు అడగాల్సిన ప్రశ్న: తేనెటీగ పువ్వు దగ్గరికి ఎందుకు పోతుంది? "పుప్పొడి అందించడానికి" అని జవాబొస్తే ఆట ఫలించలేదన్నట్టు. పుప్పొడే తేనెగా మారుతుందని అనుకునే వాళ్లూ ఉంటారు. వాళ్లకు చింతగింజలూ పిండీ పక్కపక్కన పెట్టి చూపాలి.

టేపు మీద పొడి పడటంతో కాయ అయిపోదు. ఒక్కో గింజ కట్టడానికి ఒక్కో పుప్పొడి రేణువు నుంచి సన్నని నాళం అండం దాకా దిగాలి. గుమ్మడిలో గింజలు వందల్లో ఉంటాయి కనుక ఒక ఈగ ఒకసారి వచ్చిపోతే సరిపోదు. చాలినంత పొడి పడకపోతే పిందె పసుపెక్కి రాలుతుంది, నిలిచినా వంకరగా పెరగొచ్చు. ఈ భాగాన్ని ఆట చూపలేదు, తీగే చూపాలి.

అందుకు బడి పెరట్లో ఒక గుమ్మడి పాదు చాలు. మర్నాడు విచ్చబోయే రెండు ఆడమొగ్గలకు సాయంత్రమే పల్చని గుడ్డసంచి కట్టాలి. గుమ్మడి పువ్వు తెల్లవారుతూనే విచ్చి మధ్యాహ్నానికి వాడిపోతుంది గనక పొద్దున్నే రావాలి. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న కాడను ఒక ఆడపువ్వు కీలాగ్రానికి రుద్ది మళ్లీ సంచి కట్టాలి. రెండోదాన్ని ముట్టుకోకూడదు.

మన దగ్గర ఇదే పని కూలికి చేసిన పిల్లలున్నారు. గద్వాల, నంద్యాల వైపు సీడు పత్తి చేలల్లో మధ్యాహ్నం మొగ్గల్లోని కేసరాలు తీసేయడం, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దడం, దాన్నే క్రాసింగ్ అంటారు. 1990ల చివర్లోనూ 2000ల మొదట్లోనూ వేలమంది పిల్లలు, ఎక్కువగా ఆడపిల్లలు, బడి మానేసి ఆ పనికి వెళ్లారు. చిన్న వేళ్లు చురుగ్గా ఆడతాయనేవారు. కూలి తక్కువన్నది పైకి చెప్పని కారణం. ఆ జిల్లాల బడుల్లో ఈ ఆట ఆడిస్తే, మగపువ్వు ఎలా రుద్దాలో టీచరు కంటే బాగా చెప్పగల అమ్మలు ఊళ్లోనే ఉంటారు. వాళ్లనే పిలిపించడం మంచిది.

వారం తిరక్కుండా తేడా తెలుస్తుంది. రుద్దిన పిందె ఆకుపచ్చగా ఊరుతుంది. రెండోది తొడిమ దగ్గర మెత్తబడి, ముట్టుకుంటే ఊడి వస్తుంది. రెండూ రాలితే పుప్పొడిని తప్పుపట్టకండి. పాదుకు నీళ్లు చాలలేదేమో, లేక తీగ మీద ముందే నిలిచిన కాయలు కొత్తదానికి బలం దక్కనివ్వలేదేమో చూసి, ఇంకో రెండు మొగ్గలకు సంచులు కట్టాలి.