'అప్పుల ఊబి' నిర్వచనం కాదు, స్వప్న అప్పు లెక్క అడగాలి

ఎన్సీఈఆర్టీ పదో తరగతి అర్థశాస్త్రంలో డబ్బు, అప్పుల మీద ఒక పాఠం ఉంది. అందులో స్వప్న అనే చిన్న రైతు వస్తుంది. వడ్డీ వ్యాపారి దగ్గర అప్పు చేసి మూడెకరాల్లో వేరుశనగ వేస్తుంది. పురుగు పట్టి పంట పోతుంది. మరుసటి ఏడాది మళ్లీ అప్పు. ఈసారి పంట మామూలుగా పండినా పాత బాకీ తీరదు, కొంత పొలం అమ్ముకుంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా మాత్రమే వాన పడే అనంతపురంలో చాలా ఇళ్లకు ఇది తెలిసిన కథే. పరీక్షలో మాత్రం "అప్పుల ఊబి అంటే ఏమిటి?" అని అడుగుతారు. రెండు లైన్లు బట్టీ పడితే రెండు మార్కులు వచ్చేస్తాయి.

ఇదే పాఠం నుంచి ఆలోచింపజేసే ప్రశ్న తయారు చేయాలంటే మొదట ఊరి మాటను పుస్తకం మాటతో కలపాలి. ఇంట్లో "నూటికి రెండు రూపాయలు" అంటారు. పుస్తకంలో వడ్డీ శాతాల్లో, అదీ ఏడాదికి ఉంటుంది. నెలకు నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు పంట రుణం 7 శాతం. "ఈ రెండింట్లో ఏది చౌక? 60,000 మీద ఏడాదికి తేడా ఎంత?" అని అడిగితే అది అన్వయ ప్రశ్న. జవాబు 14,400కీ 4,200కీ మధ్య తేడా, అంటే 10,200 రూపాయలు.

విశ్లేషణ ప్రశ్న దీనికంటే ఒక మెట్టు పైన ఉంటుంది. స్వప్న కథకే అంకెలు పెట్టి చూద్దాం. ఇవి ప్రశ్న కోసం వేసుకున్న అంకెలు. మొదటి ఏడాది అప్పు 60,000. ఊడలు దిగే టైంలో వాన ముఖం చాటేసింది, పంట మొత్తం పోయింది. ఏడాది వడ్డీ అసలులో కలిసి బాకీ 74,400 అయింది. రెండో ఏడాది ఇంకో 60,000 తెచ్చింది. ఆరు నెలలకు కట్టాల్సింది 1,50,528. పదిహేను క్వింటాళ్లు పండాయి, క్వింటా 6,500 చొప్పున 97,500 వచ్చింది. ఇంకా 53,028 తక్కువ.

అప్పు రెండుసార్లూ బ్యాంకులో 7 శాతానికే దొరికిందనుకుందాం. అప్పుడు కట్టాల్సింది 1,28,547. తక్కువ పడేది 31,047. ఇక్కడే అసలు ప్రశ్న: "స్వప్న అప్పుల్లో కూరుకుపోవడానికి వడ్డీ ఎంత కారణం, పంట పోవడం ఎంత కారణం?"

దాదాపు 22 వేలు వడ్డీ తేడా వల్ల పడిన భారం. మిగతా 31 వేలు చౌక అప్పు దొరికినా తీరదు. బ్యాంకు అప్పు ఒక్కటే పరిష్కారం అని రాసిన పిల్లవాడు సగమే చూశాడన్నమాట. పంట బీమా, నీళ్లు, ఒకే పంట మీద ఆధారపడకపోవడం గురించి ఆలోచించినవాడు మిగతా సగం చూశాడు. ఈ జవాబు పుస్తకంలో ఏ పేరాలోనూ రెడీమేడ్‌గా దొరకదు.

ప్రశ్నలో ఒక షరతు మాత్రం తప్పకుండా రాయాలి. 7 శాతం రాయితీ వడ్డీ గడువు దాటితే ఉండదు. కాబట్టి "కరువు వల్ల బ్యాంకు గడువు పెంచి, అదే వడ్డీ ఉంచింది" అని చెప్పకపోతే, ఈ సంగతి తెలిసిన రైతు ఇంటి పిల్లలు లెక్కనే తప్పు పడతారు. వాళ్లు పట్టేదీ న్యాయమే.

చాలామంది టీచర్లు పొరపడేది కథ అతికించే దగ్గర. "ఒక రైతు పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి అప్పు తీసుకున్నాడు. ఆ కాగితాలను ఏమంటారు?" ఇందులో రైతు ఉన్నాడు, బ్యాంకు ఉంది, కానీ అడిగింది నిర్వచనమే. కనిపెట్టడం తేలిక: కథ కొట్టేసి చూడాలి. కథ లేకపోయినా జవాబు మారకపోతే అది బట్టీ ప్రశ్నే. దీన్నే "పాస్‌బుక్ ఉన్న రైతు, కౌలు రైతు, డ్వాక్రా సభ్యురాలు బ్యాంకుకు వెళ్లారు. ఎవరు దేన్ని చూపి అప్పు అడగగలరు? ఎవరికి కష్టం, ఎందుకు?" అని మారిస్తే కథ తీసేయడం కుదరదు.

రెండో చిక్కు లెక్కలది. అర్థశాస్త్రం తెలిసినా గుణకారం తప్పిన పిల్లలు సున్నాతో పోతారు. విశ్లేషణే పరీక్షించాలనుకుంటే లెక్క వేసిన పట్టిక ప్రశ్నలోనే ఇచ్చేయడం మేలు. నాలుగు మార్కుల్లో రెండు కారణాలను విడదీసి చూపినందుకు రెండు, పరిష్కారాన్ని ఆ అంకెలతో ముడిపెట్టినందుకు రెండు వేయొచ్చు. వడ్డీయే పెద్ద సమస్య అని ఒకరు, వానే సమస్య అని ఇంకొకరు రాసినా, అంకెలతో నిలబెడితే ఇద్దరికీ మార్కులు రావాలి.

ఈ ప్రశ్నకు ఆయుష్షు కూడా తక్కువే. బోర్డు మీద ఒకసారి చేసి చూపిస్తే ఆ 22 వేలు, 31 వేలు కూడా బట్టీలోకి వెళ్లిపోతాయి. మరుసటి పరీక్షకు అంకెలు మారిస్తే చాలదు, పరిస్థితి మారాలి. పంట బాగా పండి ధర పడిపోయిన ఏడాదో, బోరు వేయడానికి అప్పు తెస్తే నీళ్లు పడని ఏడాదో తీసుకోవచ్చు.