మరీ ఎక్కువైనా ఒక్క గీతే

నెల తప్పి మూడు నెలలవుతోంది. వేవిళ్లతో మంచం దిగలేకపోతోంది. నాలుగు రోజులుగా కాస్త రక్తం కూడా కనిపిస్తోంది. ప్రెగ్నెన్సీ కిట్‌లో మాత్రం రెండుసార్లూ ఒక్క గీతే వచ్చింది. ‘గర్భం కాదు, గ్యాస్ట్రిక్ ట్రబుల్ అయ్యుంటుంది’ అని ఇంట్లోవాళ్లు తేల్చేశారు. ఇది ఫలానా ఆమె కథ అని కాదుగానీ, గైనకాలజిస్టులకు అప్పుడప్పుడు ఎదురయ్యే పరిస్థితే. ఈ ఒక్క గీత ఎందుకు తప్పవుతుందో తెలియాలంటే, ముందు రెండో గీత ఎలా వస్తుందో చూడాలి.

పిండం గర్భసంచి గోడకు అతుక్కున్నాక, తర్వాత మావిగా మారే కణాలు హెచ్‌సీజీ అనే హార్మోన్ను తయారు చేస్తాయి. అది రక్తంలోంచి మూత్రంలోకి వస్తుంది. కిట్ గుంటలో మూడు చుక్కలు వేయగానే మూత్రం పట్టీ వెంట పాకుతుంది. దారిలో రంగు రేణువులు అంటించిన యాంటీబాడీలు కాచుకుని ఉంటాయి. అవి హెచ్‌సీజీని ఒక వైపు పట్టుకుని దానితోపాటే ముందుకు కదులుతాయి. ‘టి’ గీత దగ్గర మరో రకం యాంటీబాడీలు పట్టీకి అతికి ఉంటాయి. ఇవి హార్మోన్‌కు రెండో వైపు పట్టుకుంటాయి. అటూ ఇటూ దొరికిపోయిన హెచ్‌సీజీ అక్కడే ఆగుతుంది. దానితో వచ్చిన రంగూ ఆగుతుంది. మనకు కనిపించే గీత అదే.

‘సి’ గీత సంగతి వేరు. అక్కడ ఆగేది మిగిలిపోయిన రంగు యాంటీబాడీ. అంటే మూత్రం పట్టీ చివరిదాకా పారిందని చెప్పడమే దాని పని. ఫలితం నిజమా కాదా అన్న పూచీ దానిది కాదు.

రెండో గీత రాకపోవడానికి మామూలు కారణం తొందరపాటు. చాలా కిట్లు మిల్లీలీటరుకు 25 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు ఉంటేనే పట్టుకుంటాయి. తొలిరోజుల్లో హార్మోన్ సుమారు రెండు రోజులకోసారి రెట్టింపవుతుంది. ఇవాళ 6 యూనిట్లుంటే ఎల్లుండి 12, ఆపై 24, ఆరో రోజుకి 48. ఇవాళ ఒక్క గీత వచ్చిన మనిషికే వారం తిరిగేసరికి రెండు గీతలు రావడంలో వింత లేదు. నీళ్లు బాగా తాగి పరీక్ష చేసుకున్నా మూత్రం పలచబడి ఇదే జరుగుతుంది. పొద్దున్నే తొలి మూత్రం వాడమనేది అందుకే.

మన కథలో ఆమెది దీనికి పూర్తిగా తలకిందులు. హార్మోన్ తక్కువై కాదు, ముంచెత్తేంత ఉండి గీత రాలేదు. మామూలు గర్భంలో హెచ్‌సీజీ మూడో నెల ప్రాంతంలో లక్ష యూనిట్ల చుట్టుపక్కలకు చేరి, తర్వాత తగ్గుతుంది. అది లక్షల్లోకి, అంటే సుమారు 5 లక్షలు దాటిపోతే పట్టీ మీద తొక్కిసలాట మొదలవుతుంది. రంగు యాంటీబాడీల చేతులన్నీ నిండిపోయాక కూడా బోలెడంత హార్మోన్ విడిగా మిగిలిపోతుంది. ఈ రంగులేని హార్మోన్ కూడా పాకి ‘టి’ గీత దగ్గరి చోట్లన్నీ ఆక్రమిస్తుంది. రంగు మోసుకొస్తున్నవాటికి పట్టుకునే చేయి దొరకదు. అవి గీత దాటి వెళ్లిపోతాయి. ‘సి’ గీత మాత్రం దర్జాగా వస్తుంది! హార్మోన్ పెరిగేకొద్దీ గీత ముదిరి, ఒక హద్దు దాటాక మళ్లీ పలచబడుతుంది. గ్రాఫ్ గీస్తే కొక్కెంలా వంగుతుంది కనుక దీన్ని హుక్ ఎఫెక్ట్ అంటారు.

అంత హార్మోన్ ఎక్కడిది? చాలాసార్లు ముత్యాల గర్భంలో. ఇందులో బిడ్డ సరిగా ఏర్పడదు. మావి కణజాలం నీటి బుడగల గుత్తిలా ఉబ్బి హెచ్‌సీజీని విపరీతంగా వదులుతుంది. విడవని వాంతులు, రక్తస్రావం, నెలలకు మించి పెరిగిన గర్భసంచి దీని గుర్తులు.

అనుమానమొస్తే ల్యాబ్‌లో చేసేది విచిత్రంగా తోస్తుంది. మూత్రాన్ని పలచన చేస్తారు. ఆమె మూత్రంలో 8 లక్షల యూనిట్లున్నాయనుకుందాం. ఒక వంతు మూత్రానికి తొమ్మిది వంతులు సెలైన్ కలిపితే 80 వేలవుతుంది. తొక్కిసలాట తగ్గి, ఇందాక రాని గీత కనిపిస్తుంది. గర్భమే లేకపోతే ఎంత కలిపినా గీత రాదు. మామూలుగా పలచన చేస్తే గీత పోవాలి, ఇక్కడ పుడుతుంది. అదే పట్టింపు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది. నెలలు గడిచేకొద్దీ మూత్రంలో హెచ్‌సీజీ విరిగిన ముక్కలు కూడా పెద్దమొత్తంలో చేరతాయి. కొన్ని కిట్లలో ఈ ముక్క ఒక యాంటీబాడీకే దొరుకుతుంది, రెండోదానికి దొరకదు. దాని చేతులన్నీ ఆక్రమించి కూర్చుంటుంది. అందుకే ఏ జబ్బూ లేని రెండు, మూడు నెలల గర్భంలో కూడా కొన్ని కిట్లు తప్పు చెప్పగలవు.

పలచన చేసే పని ఇంట్లో వద్దు. నెల తప్పి, కిట్‌లో ఒక్క గీతే వస్తే మూడు నాలుగు రోజులాగి మళ్లీ చూసుకోండి. వాంతులు, రక్తస్రావం, పొత్తికడుపులో నొప్పి ఉంటే మాత్రం ఆగొద్దు. రక్తంలో హెచ్‌సీజీ పరీక్ష, స్కానింగ్ అడగండి. కిట్ నెగెటివ్ అని డాక్టరుకు చెప్పేటప్పుడు, నెల తప్పి ఎన్ని వారాలైందో కూడా చెప్పండి.