ఒక్క ప్యానెల్ మీద నీడ పడితే

డాబా మీద సోలార్ పెట్టించుకునేవాళ్లు ఎన్ని కిలోవాట్లు, సబ్సిడీ ఎంత అని తప్పకుండా అడుగుతారు. ప్యానెళ్లను ఒకదానితో ఒకటి ఎలా కలుపుతున్నారని అడిగేవాళ్లు మాత్రం అరుదు. నీళ్ల ట్యాంకు నీడో, పక్కింటి కొబ్బరిచెట్టు నీడో పడే డాబా అయితే ఆ ప్రశ్న అడిగి తీరాలి. ప్యానెళ్లు అవే, నీడా అదే అయినా, వైర్లు కలిపిన తీరును బట్టి ఉత్పత్తిలో మూడు వందల వాట్లకు పైగా తేడా వస్తుంది.

లెక్క కోసం 330 వాట్ల ప్యానెళ్లు ఆరు తీసుకుందాం. అన్నీ కలిపి 1,980 వాట్లు, అంటే దాదాపు 2 కిలోవాట్లు. ప్యానెల్ వెనక లేబుల్ మీద వీఎంపీ, ఐఎంపీ అని రెండు అంకెలుంటాయి. ఎండ బాగా ఉండి ప్యానెల్ పూర్తి శక్తి ఇస్తున్నప్పటి వోల్టేజి మొదటిది, ఆంపియర్లు రెండోది. మన ప్యానెల్‌కి అవి 37.5 వోల్టులు, 8.8 ఆంపియర్లు. ఈ రెంటినీ గుణిస్తే 330 వస్తుంది.

ఒక ప్యానెల్ ప్లస్‌ను పక్కదాని మైనస్‌కి కలుపుతూ పోతే అది సిరీస్. ఇలా వరసగా కలిపిన ప్యానెళ్లను స్ట్రింగ్ అంటారు. ఇందులో వోల్టేజీలు కూడుకుంటాయి, ఆంపియర్లు మారవు. ఆరింటికీ కలిపి 225 వోల్టులు, 8.8 ఆంపియర్లు. ప్లస్సులన్నీ ఒకచోట, మైనస్సులన్నీ ఒకచోట కలిపితే ప్యారలల్. అప్పుడు వోల్టేజి 37.5 దగ్గరే ఉండిపోతుంది, ఆంపియర్లు 52.8 అవుతాయి. మూడేసి ప్యానెళ్లతో రెండు స్ట్రింగులు కట్టి, వాటిని ప్యారలల్‌లో కలిపితే 112.5 వోల్టులు, 17.6 ఆంపియర్లు. ఎలా గుణించినా 1,980 వాట్లే.

మరి ఇళ్లమీద సిరీస్‌కే ఎందుకు మొగ్గు చూపుతారు? కేబుల్ కోసం. కేబుల్‌లో వేడిగా పోయే శక్తి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. డాబా నుంచి ఇన్వర్టర్ దాకా రానూపోనూ 40 మీటర్ల దూరం, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ అనుకుంటే దాని నిరోధం సుమారు 0.2 ఓమ్‌లు. 8.8 ఆంపియర్లు పారితే పదిహేను వాట్లు పోతాయి. 52.8 ఆంపియర్లు పారితే అయిదు వందల యాభై వాట్లు పోతాయి, కేబుల్ కాలిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. అందుకే అన్నింటినీ ప్యారలల్ చేయడం ఇంటి వ్యవస్థకు పనికిరాదు.

ఇప్పుడు నీడ సంగతి. ట్యాంకు ప్యానెళ్లకు పడమట ఉందనుకోండి. సాయంత్రం దాని నీడ ఒక ప్యానెల్‌ను పూర్తిగా కప్పింది. దానికి అందే వెలుతురు మూడోవంతు కన్నా కాస్త తక్కువ, 30 శాతం. నీడలో ప్యానెల్ వోల్టేజి పెద్దగా పడిపోదు, ఆంపియర్లే పడిపోతాయి. ఇక్కడ 8.8 కాస్తా 2.64 అవుతుంది. (సాయంత్రం ఎండ మధ్యాహ్నమంత ఉండదు. పోలిక తేలికగా ఉండాలని మిగతా అయిదింటికీ పూర్తి ఎండ ఉన్నట్టే లెక్క వేస్తున్నాను.) సిరీస్‌లో అన్నింటి గుండా ఒకే కరెంటు పారాలి కాబట్టి, ఏ ఏర్పాటూ లేకపోతే ఎండలో ఉన్న అయిదు ప్యానెళ్లూ ఆ 2.64 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతాయి. 1,980 వాట్ల వ్యవస్థ ఆరు వందల వాట్ల చిల్లరకు దిగజారుతుంది.

దీనికి విరుగుడు ప్యానెల్ వెనక జంక్షన్ బాక్సులోనే ఉంది. అందులో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్‌లుంటాయి. 72 సెల్స్ ఉన్న ప్యానెల్‌లో ఒక్కో డయోడ్ 24 సెల్స్‌ను కాపలా కాస్తుంది. ఆ 24లో ఒక్క సెల్ నీడలో పడినా, మిగతా స్ట్రింగ్ నుంచి వచ్చే కరెంటు డయోడ్ గుండా పక్కదారిన వెళ్లిపోతుంది. డయోడ్ లేకపోతే ఆ సెల్ ఉత్పత్తి మానేసి, మిగతా సెల్స్ ఇచ్చే శక్తిని తానే మింగి వేడెక్కుతుంది. గోధుమరంగు మచ్చలు, పగిలిన గాజు దాని ఫలితమే.

మన లెక్కలో నీడపడ్డ ప్యానెల్ మూడు డయోడ్‌లూ తెరుచుకుంటాయి. మిగిలిన అయిదు ప్యానెళ్ల వోల్టేజి 187.5. డయోడ్‌లు తలా అర వోల్టు తీసుకుంటే మిగిలేది 186. కరెంటు మళ్లీ 8.8 ఆంపియర్లే. మొత్తం 1,637 వాట్లు. పోయింది ఒక్క ప్యానెల్ శక్తే, ఆపైన కొద్దిగా.

నీడ ఉన్నచోట ప్యారలల్ మేలని చాలామంది ఎలక్ట్రీషియన్లు చెబుతారు. ఆరు ప్యానెళ్లనూ విడివిడిగా ప్యారలల్ చేస్తే అది నిజమే. అప్పుడు 1,750 వాట్ల దాకా వస్తాయి, కాకపోతే కేబుల్ ఒప్పుకోదు. మూడేసి చొప్పున రెండు స్ట్రింగులు కట్టి ప్యారలల్ చేస్తే మాత్రం కథ తిరగబడుతుంది. ప్యారలల్‌లో ఉన్న రెండు స్ట్రింగులకూ ఒకే వోల్టేజి ఉండాలి. మంచి స్ట్రింగ్ 112.5 వోల్టుల దగ్గర పూర్తి శక్తి ఇస్తుంది. నీడపడ్డ స్ట్రింగ్‌లో డయోడ్‌లు తెరుచుకుంటే మిగిలేవి రెండు ప్యానెళ్లు, అంటే 73.5 వోల్టులు. అది 112.5ను అందుకోలేదు. కాబట్టి డయోడ్‌లు తెరుచుకోకుండా 2.64 ఆంపియర్లే ఇస్తుంది. రెండూ కలిసి 11.44 ఆంపియర్లు, 1,287 వాట్లు. ఇన్వర్టర్ వోల్టేజిని 73.5కి దించితే రెండు స్ట్రింగులూ కలిసి 18 ఆంపియర్ల దాకా ఇస్తాయి, అప్పుడు సుమారు 1,320 వాట్లు. ఎటు చూసినా ఆరింటి ఒక్క స్ట్రింగ్ ఇచ్చిన 1,637 కన్నా మూడు వందలకు పైగా తక్కువే. పొట్టి స్ట్రింగులను ప్యారలల్ చేసి నీడను తప్పించుకోవచ్చనుకోవడం పొరపాటు.

ప్యానెళ్ల నుంచి ఎక్కువ శక్తి ఏ వోల్టేజి దగ్గర వస్తుందో ఇన్వర్టర్‌లోని ఎంపీపీటీ అనే భాగం వెతుక్కుంటూ ఉంటుంది. ఇన్వర్టర్‌కి రెండు ఎంపీపీటీలు ఉండి, ఒక్కో స్ట్రింగ్‌ను ఒక్కోదానికి విడిగా కలిపితే పై చిక్కు ఉండదు. ఎవరి వోల్టేజి వారిదే కాబట్టి మళ్లీ 1,637 వాట్లూ వస్తాయి. అయితే నీడపడ్డ పొట్టి స్ట్రింగ్ వోల్టేజి ఇన్వర్టర్ కనీస పరిమితి కన్నా దిగువకు పోకూడదు. మే నెలలో ప్యానెళ్లు కాగిపోయినప్పుడు వోల్టేజి మరో పదిహేను శాతం దాకా తగ్గుతుంది కనుక ఆ లెక్కా ముందే చూసుకోవాలి.

ఇంకో చిక్కుంది. నీడపడ్డ ఆరు ప్యానెళ్ల స్ట్రింగ్‌కి రెండు చోట్ల గరిష్ఠ శక్తి కనిపిస్తుంది. 186 వోల్టుల దగ్గర 1,637 వాట్లు, 225 దాటాక ఆరు వందల చిల్లర. కొన్ని ఇన్వర్టర్లు రెండోదాని దగ్గరే చిక్కుకుపోతాయి. అది మీరే కనిపెట్టవచ్చు. నీడ పడే వేళకు ఇన్వర్టర్ తెరమీద డీసీ వోల్టేజి, ఆంపియర్లు చూడండి. వోల్టేజి ఒక ప్యానెల్ మేర తగ్గి ఆంపియర్లు నిలిచి ఉంటే డయోడ్‌లు తమ పని చేస్తున్నట్టు. వోల్టేజి నిలిచి ఉండి ఆంపియర్లు ఒక్కసారిగా కుప్పకూలితే ఇన్వర్టర్ తప్పుచోట ఆగినట్టు. చాలా ఇన్వర్టర్లలో షాడో స్కాన్ లాంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయమని టెక్నీషియన్‌ని అడగండి. నీడ లేని వేళ కూడా వోల్టేజి పన్నెండు వోల్టులు తక్కువగా ఉంటే ఏదో ఒక డయోడ్ షార్ట్ అయి ఉండవచ్చు. దాని కోసం మీరు కనెక్టర్లు లాగవద్దు. ఎండలో పనిచేస్తున్న డీసీ లైను కనెక్టర్ ఊడదీస్తే నిప్పు మెరుపు లేస్తుంది, అది ఒక పట్టాన ఆరదు.

పని మొదలయ్యే ముందే మీ ఇన్‌స్టాలర్ చేత కాగితం మీద గీయించుకోండి: ఏ ప్యానెల్ ఏ స్ట్రింగ్‌లో ఉంది, ఏ స్ట్రింగ్ ఏ ఎంపీపీటీకి వెళ్తోంది, ఉదయం ఎనిమిదికీ సాయంత్రం నాలుగుకీ నీడ ఎక్కడ పడుతోంది. నీడ తగిలే ప్యానెళ్లన్నీ ఒకే స్ట్రింగ్‌లో ఉండేలా చూడమని, దాన్ని వేరే ఎంపీపీటీకి కలపమని పట్టుబట్టండి.