తోక పట్టుకుంటే దొరికే ఫ్రెంచి మాటలు

‘లె గూవెర్నమాఁ అనోఁస్ యూన్ ఓగ్మాఁతాసియోఁ ద లా ప్రొద్యుక్సియోఁ.’ ఫ్రెంచి రేడియోలో ఇలాంటి వాక్యం వినబడితే ఇంగ్లిష్ మీడియంలో చదువుకున్నవారికి కూడా ఒక్క ముక్క అర్థం కాకపోవచ్చు. అదే వాక్యాన్ని కాగితం మీద చూపిస్తే మాత్రం పదం పదం గుర్తుపట్టేస్తారు: గవర్నమెంట్, అనౌన్స్, ఆగ్మెంటేషన్, ప్రొడక్షన్. ఉత్పత్తిని పెంచుతున్నట్టు ప్రభుత్వం ప్రకటిస్తోంది, అంతే. చివరి రెండు పదాల స్పెల్లింగులో ఒక్క అక్షరం కూడా తేడా లేదు. గవర్నమెంటులో మాత్రం ఫ్రెంచివాళ్లు ఓ తర్వాత ఒక యు, ఎన్ తర్వాత ఒక ఇ అదనంగా రాస్తారు.

ఈ చుట్టరికం 1066లో మొదలైంది. ఆ ఏడాది నార్మండీ డ్యూక్ విలియం హేస్టింగ్స్ యుద్ధం గెలిచి ఇంగ్లండ్ గద్దె ఎక్కాడు. అప్పటినుంచి తరతరాలపాటు దర్బారులోనూ న్యాయస్థానాల్లోనూ ఫ్రెంచిదే పెత్తనం. కోర్టు వాదనలు ఇంగ్లిష్‌లో జరగాలని 1362లో ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. ఈలోగా వేల ఫ్రెంచి మాటలు ఇంగ్లిష్‌లో స్థిరపడ్డాయి. తర్వాతి కాలంలో రెండు భాషల పండితులూ లాటిన్ నుంచి విడివిడిగా మరిన్ని తెచ్చుకున్నారు.

అందుకే కొత్తగా ఫ్రెంచి నేర్చుకునేవారు పదాల తోకలు చూడటం అలవాటు చేసుకుంటే చాలా శ్రమ తగ్గుతుంది. మొదటి తోక టి-ఐ-ఓ-ఎన్. నేషన్, స్టేషన్, అటెన్షన్, సిట్యుయేషన్ లాంటివి ఫ్రెంచిలోనూ అవే అక్షరాలతో ఉంటాయి. పలకడమే వేరు. ‘షన్’ అనే మాటే మరిచిపోయి ‘సియోఁ’ అని ముక్కుతో పలకాలి: నాసియోఁ, స్తాసియోఁ. తోకకు ముందు ఎస్ ఉంటే టి తన శబ్దాన్ని నిలుపుకుంటుంది కాబట్టి క్వశ్చన్ అక్కడ ‘కెస్తియోఁ’ అవుతుంది.

ఈ తోకతో ఇంకో లాభం ఉంది. ఫ్రెంచిలో ప్రతి నామవాచకమూ పుంలింగమో స్త్రీలింగమో అయి తీరాలి. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం ఎందుకయ్యాయంటే చెప్పగలిగేవారు లేరు. టి-ఐ-ఓ-ఎన్ మాటలు మాత్రం దాదాపు అన్నీ స్త్రీలింగమే, ముందు ‘లా’ పెట్టేయవచ్చు. పైగా చివరి ఏషన్ తీసేసి ఇ-ఆర్ తగిలిస్తే చాలాసార్లు క్రియ కూడా చేతికొస్తుంది. ప్రిపరేషన్ నుంచి ‘ప్రెపారే’, ఇన్విటేషన్ నుంచి ‘ఎఁవితే’ అలా వచ్చినవే. ప్రొడక్షన్ లాంటివి ఈ దారికి రావు. దాని క్రియ ‘ప్రొద్యువీర్’.

రెండో తోక ఎమ్-ఇ-ఎన్-టి. దీన్ని ‘మాఁ’ అని పలుకుతారు, చివరి టి వినబడదు. మాన్యుమెంట్, డాక్యుమెంట్, అపార్ట్‌మెంట్ లాంటి నామవాచకాలు పుంలింగం, ముందు ‘లె’ వస్తుంది. అచ్చుతో మొదలైతే అది ‘ల్’ గా కుదించుకుపోతుంది. అయితే ఈ తోకకు ఫ్రెంచిలో మరో ఉద్యోగం కూడా ఉంది. ఇంగ్లిష్‌లో ఎల్-వై చేసే పని అక్కడ ఇదే చేస్తుంది. ర్యాపిడ్‌లీ అనడానికి ‘రాపిద్‌మాఁ’, నార్మల్‌లీకి ‘నొర్మాల్‌మాఁ’. విశేషణానికి స్త్రీలింగ రూపం తీసుకుని తోక తగిలిస్తే చాలు. ‘నిదానమైన’ అనే అర్థంలో ‘లాఁత్’ ఉంది, దాని నుంచే ‘లాఁత్‌మాఁ’, అంటే నిదానంగా. నామవాచకమో కాదో తెలియకపోతే ముందు మాట చూడాలి: లె, అఁ, ద్యూ లాంటిది ఉంటే నామవాచకమే.

ఎల్-వై లెక్క రెండు చోట్ల గట్టిగా దెబ్బతీస్తుంది. ‘అక్త్యుఎల్‌మాఁ’ చూడగానే ఇంగ్లిష్ యాక్చువల్‌లీ గుర్తొస్తుంది, కానీ దాని అర్థం ‘ప్రస్తుతం’. ‘ఎవాఁత్యుఎల్‌మాఁ’ ఇంకా ప్రమాదం. ఫ్రెంచి మిత్రుడు ‘ఎవాఁత్యుఎల్‌మాఁ వస్తాను’ అంటే ఆలస్యంగానైనా వస్తాడని కాదు, వీలైతే వస్తాడని మాత్రమే. టి-ఐ-ఓ-ఎన్‌లోనూ ఇలాంటి మోసగాళ్లు ఉన్నారు: ‘లొకాసియోఁ’ అంటే స్థలం కాదు, అద్దెకివ్వడం, ‘దెసెప్సియోఁ’ అంటే మోసం కాదు, నిరాశ.

ఎదురు దిశలో వెళ్లేటప్పుడు, అంటే ఇంగ్లిష్ మాటను ఫ్రెంచిగా మార్చాలనుకున్నప్పుడు, తోకకు ముందున్న మూలం ఎక్కడిదో చూసుకోవాలి. షిప్‌మెంట్‌లో షిప్, సెటిల్‌మెంట్‌లో సెటిల్, స్టార్వేషన్‌లో స్టార్వ్ అచ్చ ఇంగ్లిష్ మాటలు. ఫ్రెంచి తోక వాటికి ఇంగ్లండ్‌లోనే తగిలింది. అలాంటివాటిని ఫ్రెంచి ఉచ్చారణతో పలికినా పారిస్‌లో ఎవరికీ అర్థం కావు. అక్కడ షిప్‌మెంట్‌ను ‘ఎక్స్‌పెదిసియోఁ’ అంటారు.